నెమ్మదిగా ఉంది

ఆ బడిలో నిశ్శబ్దం సెలవు రోజుల్లో తప్ప దొరకని సరుకు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం బెల్లు కొట్టారంటే చెవుల్లో దూది పెట్టుకోవాల్సిందే. అలాంటిది ఆవేళ బెల్లు మోగింది, తలుపులు తెరుచుకున్నాయి, పిల్లలు వరండాలోకి వచ్చారు, కానీ చప్పుడు మాత్రం రాలేదు. తరగతుల్లో సగం బెంచీలు ఖాళీ. మిగిలిన సగం మంది గోడ వారగా నడుస్తూ చేతులు కడుక్కోవడానికి కుళాయిల దగ్గర వరస కట్టారు. సిక్‌రూమ్ కిటికీలోంచి చూస్తున్న నర్సమ్మకు ఆ నడక నచ్చలేదు. పిల్లలన్నాక తోసుకోవాలి, నీళ్లు చల్లుకోవాలి, ఎవడో ఒకడు ఎవరి మీదో ఫిర్యాదు చెయ్యాలి.

కడుపు జబ్బు ఒకటో తరగతిలో మొదలైంది. ఒక పిల్ల వాంతి చేసుకుంది, పక్క పిల్ల దాన్ని చూసి చేసుకుందనుకున్నారు. ఆ వారం తిరక్కుండానే అది పై తరగతులకు ఎగబాకింది. ఇక ఊరుకుంటే లాభం లేదని, హెడ్మిస్ట్రెస్ గారు తల్లిదండ్రులకు ఒక నోటీసు రాసి పెట్టమని నర్సమ్మకు చెప్పారు.

నర్సమ్మ ఇరవై ఏళ్లు పిల్లల వార్డులో పనిచేసి ఈ బడికి వచ్చిన మనిషి. నోటీసంటే ఆమెకు లెక్క లేదు. కూర్చున్న పళాన రాసిచ్చింది. ఒంట్లో నీరు తగ్గిపోతే ఎలా కనిపెట్టాలో అందులో ఉంది. నోరు, నాలుక ఎండిపోవడం. ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం. కళ్లు లోపలికి పోవడం. ఒంటికి వెళ్లడం తగ్గడం, వెళ్లినా ముదురు పసుపుగా ఉండటం. పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడతలాగే నిలబడటం. ఓఆర్ఎస్ పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలని, గుక్క గుక్కగా పట్టాలని, వాంతయితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలని, కూల్‌డ్రింకులూ పళ్లరసాలూ వద్దని, విరేచనాలు కట్టే మాత్రలు సొంతంగా వెయ్యొద్దని రాసింది. చివర్లో రెండు వాక్యాలు గట్టిగా రాసింది. బిడ్డ మత్తుగా పడి ఉంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విరేచనాలు తగ్గేదాకా ఓఆర్ఎస్ ఆపకండి.

హెడ్మిస్ట్రెస్ గారు చదివి మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక ఎర్రపెన్ను తీశారు. ఆవిడ భాష చెప్పి పైకొచ్చిన మనిషి, ఎర్రపెన్ను లేకుండా ఏదీ చదవలేరు. ఒక్క కాగితంలో విరేచనాలన్న మాట అన్నిసార్లు వస్తే తల్లిదండ్రులు అన్నం ముందు కూర్చుని ఎలా చదువుతారన్నారు. మత్తు అనే మాట బడి నోటీసులో ఏం బావుంటుంది, చదివినవాళ్లు మరేదో అనుకుంటారన్నారు. జనాన్ని బెంబేలెత్తించకుండా కాస్త మెత్తగా రాయమన్నారు. నర్సమ్మకు ఒళ్లు మండింది. కానీ సిక్‌రూమ్ బయట అప్పటికే ముగ్గురు పిల్లలు కడుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాదించే ఓపిక లేక కాగితం వెనక్కి లాక్కుని, మత్తు తీసేసి "మరీ నీరసంగా ఉంటే" అని పెట్టింది. చివరి వాక్యాన్ని "బిడ్డ నెమ్మదించేదాకా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి" అని మార్చింది. మార్చాక మళ్లీ చదువుకుంటే మాట చల్లగా ఉందనిపించింది కూడా. నోటీసు పిల్లల సంచుల్లోకీ, తల్లిదండ్రుల ఫోన్లలోకీ వెళ్లింది. బదులుగా దండాల బొమ్మలు వచ్చాయి.

మర్నాడు, అంటే వరండా అలా మూగబోయిన ఆవేళ, పొద్దుటి నుంచి ఆమె బడికి రాని పిల్లల ఇళ్లకు ఫోన్లు చేస్తోంది.

"ఎలా ఉన్నాడమ్మా?"

"నెమ్మదిగా ఉన్నాడు సిస్టర్."

మొదటి ఇంట్లో ఆ మాట విని సంతోషించింది. రెండో ఇంట్లో ఒక తండ్రి ఎత్తాడు, ఆయనా అదే అన్నాడు, గొంతు తగ్గించి. మూడో ఇంట్లో ఎవరో పెద్దావిడ, నెమ్మదిగా ఉందమ్మా అని గుసగుసగా చెప్పి పెట్టేసింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి నర్సమ్మకు అర్థంకాని గుబులు పట్టుకుంది. అన్ని ఇళ్లలోనూ అదే మాట, అదే గుసగుస. ఆ మాట వెనక ఏ ఇంట్లోనూ ఏమీ వినబడటం లేదు. టీవీ లేదు, గిన్నెల చప్పుడు లేదు. జబ్బు పిల్లలున్న ఇంట్లో ఉండాల్సిన గోల లేదు. ఇక్కడి నిశ్శబ్దమే ఫోన్ తీగలో పడి ఇంటింటికీ పాకినట్టుంది. పిచ్చి ఆలోచన అని తనను తానే కసురుకుంది.

సిక్‌రూమ్ మంచం మీద అయిదో తరగతి పిల్ల ఒకతె కూర్చుని ఉంది. ఇందాకే వాంతి చేసుకుంది, వాళ్ల నాన్న కోసం ఎదురుచూస్తూ బొటబొటా కన్నీళ్లు కారుస్తోంది. ఆ చెంపలు తడిగా ఉండటం చూసి నర్సమ్మకు ప్రాణం లేచొచ్చింది. బాగా ఏడు తల్లీ అని చెంచాతో మరో గుక్క పట్టింది. ఆ పిల్ల ఈవిడకు మతి పోయిందన్నట్టు చూసింది.

జాబితాలో తర్వాతి పేరు రెండో తరగతి వసపిట్టది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ, బడి మొత్తానికీ అది వసపిట్టే. ఆ పేరు పెట్టింది నర్సమ్మే. రోజూ లేని కడుపునొప్పి తెచ్చుకుని సిక్‌రూమ్‌కి వచ్చి, మంచం ఎక్కి కాళ్లూపుకుంటూ, వాళ్ల మేడ మీదికి వచ్చే పిల్లి కాపురం సంగతులన్నీ చెప్పి పోయేది. సిస్టరక్కా అని మొదలుపెడితే మధ్యలో ఊపిరి తీసుకోదు. పిల్లాజెల్లా లేని నర్సమ్మ పైకి విసుక్కునేది. అది రాని రోజున మాత్రం వరండా వైపు నాలుగుసార్లు చూసేది.

వసపిట్ట తల్లి ఒక హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది. ఫోన్ ఎత్తేసరికి వెనక యంత్రాల హోరు. చప్పుడు వినబడినందుకే నర్సమ్మకు కాస్త ధైర్యం వచ్చింది.

"నెమ్మదిగా ఉంది సిస్టర్" అంది తల్లి. "రాత్రి మమ్మల్ని హడలెత్తించింది. పొద్దుటి నుంచి ఒక్క వాంతి కూడా లేదు. అమ్మ చూసుకుంటోంది. బుద్ధిగా పడుకుందట. ఒక్క మాట కూడా మాట్లాడలేదట, చూడండి విడ్డూరం."

నర్సమ్మ నవ్వబోయింది. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. పోయినేడు ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా ఆ పిల్ల పలవరింతల్లో పిల్లి గురించే చెప్పింది. వసపిట్ట ఒక్క మాట కూడా మాట్లాడకపోవడమా?

"ఓఆర్ఎస్ తాగుతోందా?"

"పొద్దున దాకా పట్టిందండి అమ్మ. మొదట్లో గ్లాసు లాక్కుని మరీ తాగిందట. తర్వాత నెమ్మదించింది కదా, ఆపేసింది. మీరే రాశారుగా, నెమ్మదించేదాకా పట్టమని."

నర్సమ్మ చూపు గోడ మీదికి పోయింది. అక్కడ ఆమె నోటీసే అంటించి ఉంది. తను రాసిన వాక్యమే కొత్తగా కనిపించింది. జ్వరం తగ్గినవాడూ నెమ్మదిగా ఉన్నట్టే. అల్లరి మానినవాడూ నెమ్మదిగా ఉన్నట్టే. ఒంట్లో నీళ్లన్నీ పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉన్న బిడ్డనూ చూసేవాళ్లు ఆ మాటే అంటారు. పొద్దుటి నుంచి అన్ని ఇళ్లవాళ్లూ తన మాటనే తనకు తిప్పి చెప్పారు. తనేమో విని, జాబితాలో టిక్కు పెట్టుకుంది.

"అమ్మకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. పాప లేస్తోందా లేదా కనుక్కో."

"అమ్మ ఫోన్ మోగదండి. పాప లేస్తుందని సౌండ్ తీసేసింది. ఏమైంది సిస్టర్?"

ఆసుపత్రికి రమ్మని చెప్పి, వివరాలు తర్వాత చెబుతానని నర్సమ్మ ఫోన్ పెట్టేసింది. అయిదో తరగతి పిల్లను ఆయమ్మకు అప్పగించి, గుమాస్తాను ఆ ఇంటి చిరునామాకు ఆంబులెన్స్ పిలవమని కేకేసి, సంచీ భుజాన వేసుకుని బయటపడింది. ఇల్లు బడి వెనక వీధుల్లోనే. కానీ ఆ ఎండలో ఆ వీధులు ఎప్పటికీ తరిగేట్టు కనిపించలేదు. మనిషి పురుగు లేదు. కిటికీలకు పరదాలు దించి ఉన్నాయి. ఒక అరుగు మీద మూడు చక్రాల సైకిల్ బోర్లాపడి ఉంది. ఒక్కో పరదా వెనకా ఒక్కో బిడ్డ బుద్ధిగా పడుకుని ఉందని, పెద్దవాళ్లు మునివేళ్ల మీద తిరుగుతున్నారని తోచి ఆమె నడక పరుగైంది. ఆ వయసులో, ఆ ఒంటితో పరుగెత్తడం చూస్తే వసపిట్ట వారం రోజులు చెప్పుకునేది.

మేడ మీద తలుపుకు కాగితం అంటించి ఉంది. పాప పడుకుంది, బెల్లు కొట్టవద్దు. నర్సమ్మ కొట్టింది. బెల్లు మోగలేదు, తీగ పీకేసి ఉంది. అరచేత్తో బాదింది.

అమ్మమ్మ తలుపు ఓరగా తీసి, పెదాల మీద వేలు పెట్టుకుంది. మొహం నిండా అలసట, ఆ అలసటలో సంతోషం. "మెల్లగా అమ్మాయ్. ఇప్పుడిప్పుడే నెమ్మదించింది."

లోపల అన్నీ నోళ్లు మూసుకుని ఉన్నాయి. కుళాయి కింద చుక్క చప్పుడు రాకుండా గుడ్డ పెట్టారు. గోడ గడియారం ముళ్లు కదలడం లేదు. టిక్కుటిక్కుమంటే లేస్తుందని దానిలో సెల్లు తీసేశానని అమ్మమ్మ చెవిలో చెప్పింది. ఆ ఇంట్లో కాలం పొద్దున్నే ఆగిపోయింది. ఎన్నో వార్డుల్లో ఎన్నో నిశ్శబ్దాలు చూసిన నర్సమ్మకు ఇలాంటిది ఏ గదుల్లో ఉంటుందో బాగా తెలుసు.

పిల్ల మంచం మీద వెల్లకిలా ఉంది. దుప్పటి గడ్డం దాకా సర్ది ఉంది. జుట్టు దువ్వి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి.

"అలా కళ్లు తెరుచుకునే నిద్రపోతోంది, ముద్దుగా లేదూ?" అంది అమ్మమ్మ.

"ఎప్పుడూ అలాగే పడుకుంటుందా పెద్దమ్మా?"

అమ్మమ్మ వంగి పిల్ల మొహంలోకి చూసింది. "లేదు. ఇవాళే."

నర్సమ్మ పిల్ల భుజం పట్టి కుదిపింది, పేరు పెట్టి పిలిచింది, అసలు పేరూ ముద్దు పేరూ రెండూ. కనుగుడ్లు కొద్దిగా కదిలాయి, ఎవరినీ వెతక్కుండానే ఆగిపోయాయి. కళ్ల చుట్టూ గుంటలు పడ్డాయి. నాలుక ఎండిన అట్టముక్కలా ఉంది. చేతులు ఆ ఎండాకాలపు మధ్యాహ్నంలో చల్లగా ఉన్నాయి, మణికట్టు దగ్గర నాడి సన్నగా, అందకుండా పరుగెడుతోంది. పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలింది. మడత అలాగే నిలబడింది. వదిలేశాక కూడా ఎవరో కనిపించని వాళ్లు పట్టుకున్నట్టే నిలబడి, తీరిగ్గా సర్దుకుంది. నోటీసులో తను రాసింది ఇదే. అమ్మమ్మ కూడా చదివే ఉంటుంది. కానీ హాయిగా నిద్రపోతున్న పిల్లని ఎవరు గిల్లుతారు?

"ఒంటికి వెళ్లిందా?"

"ఆ, రెండుసార్లు పక్క కూడా తడిపింది పాపం. అందుకే ఒంట్లో నీళ్లకేం కొదవ లేదనుకున్నా."

తీసి మూల పడేసిన దుప్పటిని నర్సమ్మ విప్పి చూసింది. రంగు లేని తడి. దగ్గరికి పెట్టుకుంటే వాసన తెలిసింది. అది మూత్రం కాదు. విరేచనమే, నీళ్లకు నీళ్లయిపోయింది. వాంతులు ఆగాయని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంటే పిల్ల చప్పుడు కాకుండా ఇలా కారిపోతూనే ఉంది.

విషయం అమ్మమ్మకు ఎక్కడానికి రెండు మాటలు సరిపోయాయి. ముసలావిడ అరవలేదు. గబగబా వంటింట్లోకి పోయి, ఓఆర్ఎస్ గ్లాసు తెచ్చి, పిల్ల నోటి దగ్గర పెట్టబోయింది. నర్సమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. మింగే తెలివి లేని బిడ్డ నోట్లో పోస్తే గొంతుకు అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పుడిక సూది ద్వారా సెలైన్ ఎక్కించడమే. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, దుప్పటి కప్పింది.

"మరి నేనేం చెయ్యను?" అంది అమ్మమ్మ.

"మాట్లాడండి. గట్టిగా. ఆ పిల్లి గురించి చెప్పండి."

అమ్మమ్మ మొదటి మాట గుసగుసగానే వచ్చింది. పొద్దుటి నుంచి గుసగుసలాడీ ఆడీ ఆ ఇంట్లో పైకి మాట్లాడటమే మరిచిపోయినట్టుంది. చివరికి గొంతు పెంచింది. పిల్లి వచ్చిందే, గిన్నె దొర్లించిందే, లేచి చూడవే అని. ఆ మాటలు గోడలకు తగిలి వెనక్కి వస్తున్నాయి తప్ప పిల్లకు అందుతున్నట్టు లేదు.

ఆంబులెన్స్ కూత ఇంకా వినబడలేదు. నర్సమ్మ బడికి ఫోన్ చేసింది. హెడ్మిస్ట్రెస్ గారే ఎత్తారు. టీచర్లందర్నీ కూర్చోబెట్టి, రాని పిల్లల ఇళ్లన్నిటికీ మళ్లీ ఫోన్లు చేయించమంది.

"పొద్దున చేశావుగా? అందరికీ నెమ్మదిగానే ఉందన్నావు."

"అదే మేడమ్ భయం. ఈసారి ఎలా ఉందని అడగొద్దు. పిల్ల చేతికి ఫోన్ ఇమ్మనండి. పిల్ల గొంతు వినబడేదాకా పెట్టెయ్యొద్దు. మాట్లాడించలేకపోతే వెంటనే ఆసుపత్రికి."

హెడ్మిస్ట్రెస్ గారు భాష తెలిసిన మనిషి. ఎక్కడ జరిగిందో ఆవిడకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. "ఆ మాట నేను చూశాను" అన్నారు. "చూసి బావుందనుకున్నాను."

"నేనూ అనుకున్నాను" అంది నర్సమ్మ.

ఆసుపత్రిలో పిల్లను లోపలికి తీసుకుపోయారు. నరాలన్నీ అణిగిపోయి సూదికి దొరకలేదు. చేతుల్లో వెతికారు, మళ్లీ వెతికారు, కడకు పాదం మీద ఒకటి దొరికింది. సీసాలోంచి చుక్కలు పరుగెత్తడం మొదలయ్యాక నర్సమ్మను బయట కూర్చోమన్నారు. లాండ్రీ బట్టలతోనే తల్లి పరుగెత్తుకు వచ్చింది. ఆమె నర్సమ్మనూ తిట్టలేదు, తన తల్లినీ తిట్టలేదు. వచ్చి మధ్యలో కూర్చుని ఇద్దరి చేతులూ పట్టుకుంది. తిట్టి ఉంటే బావుండునని నర్సమ్మకు అనిపించింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ఫోన్లో బడి నుంచి కబుర్లు వస్తున్నాయి. ఒక ఇంట్లో పిల్లాడు ఫోన్ లాక్కుని హోంవర్కు ఉందా అని అడిగాడట. ఇంకో ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఫోన్ కోసం కొట్టుకున్నారట. ఒకటో తరగతి పిల్లాడొకడు మాత్రం ఎంత పిలిచినా పలకలేదు. పొద్దున గొంతు తగ్గించి మాట్లాడిన తండ్రి ఇప్పుడు వాడిని భుజాన వేసుకుని ఈ ఆసుపత్రి మెట్లే ఎక్కాడు. నర్సమ్మ ఎదురెళ్లి లోపలికి దారి చూపించింది. ఆయనా దారి పొడవునా వాడిని నిద్ర లేవకుండా మోసుకొచ్చాడు, ఇంకా అలవాటు పోలేదు.

కిటికీ బయట ఎండ వాలుతోంది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. బడి వరండాలో, ఫోన్లలో, ఆ మేడ మీద ఉన్న నిశ్శబ్దమే ఇక్కడికీ వెంట వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నట్టు నర్సమ్మకు అనిపించింది. దాని వైపు చూడకుండా తలుపు వైపే చూసింది.

తలుపు తెరుచుకుంది. కుర్ర డాక్టరు బయటికి వచ్చి, చేతి తొడుగులు తీస్తూ అందరికీ కలిపి చెప్పాడు.

"నెమ్మదిగా ఉంది."

తల్లి కళ్లు మూసుకుని దండం పెట్టింది. నర్సమ్మ మాత్రం లేచి అతని దారికి అడ్డం నిలబడింది.

"ఏ నెమ్మది బాబూ?"

అతనికి అర్థం కాలేదు. "అంటే... బావుందనే కదమ్మా."

"మాట్లాడిందా? ఏడ్చిందా? కన్నీళ్లు వచ్చాయా?"

డాక్టరు జవాబు చెప్పబోయాడు. ఈలోగా లోపల ఏదో పళ్లెం కింద పడింది. దాని వెనకే ఒక ఏడుపు. మొదట బొంగురుగా, ఎండిన గొంతులోంచి గీరుకుంటూ. తర్వాత ఊపిరందుకుని పెద్దదైంది. సూది తీసెయ్యండి, నేనింటికి పోతా, సిస్టరక్కకి చెప్తా అని నడుమ నడుమ మాటలు. ఆ ఏడుపు వరండా అంతా నిండి, మెట్ల మీదికి కూడా వినబడింది.

వాళ్లు లోపలికి వెళ్లేసరికి వసపిట్ట చెంపలు తడిసి ఉన్నాయి. ఒక చుక్క గడ్డం దాకా జారి అక్కడ వేలాడుతోంది. అమ్మమ్మ పరుగున వెళ్లి పిల్ల తల నిమిరి, పొద్దుటి అలవాటుకొద్దీ పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఊరుకో తల్లీ, ఊరుకో."

నర్సమ్మ ఆ వేలు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"ఊరుకోబెట్టకండి పెద్దమ్మా" అంది. "ఏడవనివ్వండి."